ప్లేటు మీద మొలవని జ్వరాలు

1927లో హిడేయో నొగూచి ఒక వ్యాసం అచ్చువేశారు. అమెరికా ఆదివాసుల ట్రకోమా కళ్ల నుంచి ఒక కొత్త బ్యాక్టీరియాను వేరుచేశాననీ, దాన్ని కోతుల కళ్లలో వేస్తే ట్రకోమా లాంటి జబ్బే వచ్చిందనీ అందులో చెప్పారు. ఆయన అప్పటికే న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేరు మోసిన శాస్త్రవేత్త. ఆ బ్యాక్టీరియా ప్రయోగశాల ప్లేటు మీద చక్కగా పెరిగింది కూడా. తీరా చూస్తే ట్రకోమాకు దానితో సంబంధమే లేదు. మిగతా ప్రయోగశాలలు ఎంత ప్రయత్నించినా ఆ ఫలితాన్ని నిలబెట్టలేకపోయాయి. మరుసటి ఏడాదే నొగూచి ఆఫ్రికాలో ఎల్లో ఫీవర్ మీద పరిశోధిస్తూ అదే జ్వరంతో చనిపోయారు.

ఇందులో ఆయన చేతకానితనమేమీ లేదు. ట్రకోమా కంటి నిండా రకరకాల బ్యాక్టీరియా ఉంటాయి. ఆ పుసి తీసి ప్లేటు మీద రాస్తే అక్కడ బతకగలిగినవన్నీ మొలుస్తాయి. అసలు దొంగ ఒక్కటే మొలవదు. దాంతో మొలిచినవాటిలో ఏదో ఒకదాని మీద నేరం పడుతుంది.

ఆ అసలు దొంగ క్లమీడియా ట్రకోమాటిస్. కంటి రెప్పల లోపలి పొరను ఏళ్ల తరబడి పుండు చేసి, చివరికి రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగుడ్డును గీరేలా చేసే జబ్బుకు కారణం ఇదే. ఇదే జాతిలోని వేరే రకాలు లైంగిక సంపర్కం ద్వారా వ్యాపించి, స్త్రీలలో గర్భనాళాలు మూసుకుపోయేలా చేస్తాయి. టైఫస్ జ్వరాల వెనకున్న రికెట్సియాలది ఇంకో వంశం. క్లమీడియాకు వాటితో చుట్టరికం చాలా దూరం. అయినా రెండింటి బతుకూ ఒకటే: జంతువు కణం లోపల తప్ప ఇంకెక్కడా అవి పిల్లల్ని పెట్టలేవు.

వాటిని ప్లేటు మీద ఎందుకు పెంచలేమో తెలియాలంటే, ముందు ప్లేటు మీద ఏముందో చూడాలి. అగార్ సముద్రపు పాచి నుంచి తీసే పదార్థం. వేడి నీళ్లలో కరిగి, చల్లారితే గడ్డకడుతుంది. 1881లో రాబర్ట్ కాక్ ప్రయోగశాలకు దీన్ని సూచించింది ఫానీ హెస్సే. ఆమె భర్త అక్కడ పనిచేసేవారు. జెలటిన్ ఎండ వేడికి కరిగిపోయి ఆయన విసిగిపోతుంటే, వంటింట్లో తాను వాడే అగార్ వాడి చూడమన్నారు. అగార్ బ్యాక్టీరియాకు కంచమే తప్ప తిండి కాదు. అందులో కలిపే మాంసపు సారం, పెప్టోన్ అనే సగం అరిగిన ప్రోటీను, కొంచెం ఉప్పు, అవసరమైతే గొర్రె రక్తం తిండి అవుతాయి.

కడుపులో ఉండే ఈ.కోలైకి ఇది విందు. దాని డీఎన్‌ఏలో 46 లక్షల అక్షరాలున్నాయి, నాలుగు వేలకు పైగా జన్యువులున్నాయి. కాస్త చక్కెర, కొన్ని లవణాలు ఇస్తే చాలు, తనకు కావలసిన అమైనో ఆమ్లాలు, విటమిన్లు, డీఎన్‌ఏ ముడిసరుకు అన్నీ తానే తయారుచేసుకుంటుంది. అనుకూలమైన చోట 20 నిమిషాలకోసారి రెండవుతుంది. అందుకే సాయంత్రం రాసిన ప్లేటు తెల్లారేసరికి చుక్కలతో నిండిపోతుంది.

క్లమీడియా ట్రకోమాటిస్ జన్యుక్రమాన్ని 1998లో చదివినప్పుడు అందులో అక్షరాలు దాదాపు 10 లక్షల 40 వేలే, జన్యువులు 900 కంటే తక్కువే అని తేలింది. అదే ఏడాది బయటికొచ్చిన రికెట్సియా ప్రోవజెకీ జన్యుక్రమంలో 11 లక్షల అక్షరాలు, 834 ప్రోటీన్ జన్యువులు ఉన్నాయి. పేను ద్వారా వచ్చే టైఫస్‌కు కారణం ఈ ప్రోవజెకీయే. దాని డీఎన్‌ఏలో దాదాపు నాలుగో వంతు ప్రోటీన్లను తయారుచేయని భాగం. ఒకప్పుడు పనిచేసి, అవసరం తీరాక పాడుబడ్డ జన్యువుల అవశేషాలు అందులో కనిపిస్తాయి. అమైనో ఆమ్లాలు, డీఎన్‌ఏ ముడిసరుకు తయారుచేసే జన్యువులు చాలావరకు లేవు. చక్కెరను విరగ్గొట్టే గ్లైకాలిసిస్ జన్యువులైతే అసలే లేవు.

ఇంతవరకు వింటే పరిష్కారం తేలికేననిపిస్తుంది. చేసుకోలేనివన్నీ మనమే ప్లేటులో కలిపి ఇస్తే సరిపోదా? చాలామంది మొదట ఇలాగే ఆలోచించారు. కానీ చిక్కు లేని పదార్థాల దగ్గర లేదు. ఆ పదార్థాలు ఏ రూపంలో, ఏ పరిస్థితిలో కావాలి అన్న దగ్గర ఉంది.

చక్కెర సంగతే చూద్దాం. గ్లూకోజును వాడుకోవాలంటే ముందు దానికి ఒక ఫాస్ఫేట్ తగిలించాలి. ఆ పని చేసే ఎంజైము హెక్సోకైనేజ్. క్లమీడియాకు ఆ ఎంజైము లేదు. అందువల్ల ప్లేటులో ఎంత గ్లూకోజు పోసినా దానికి దండగే. అదే మనిషి కణంలోనైతే గ్లూకోజు లోపలికొచ్చిన వెంటనే మన హెక్సోకైనేజ్ దానికి ఫాస్ఫేట్ తగిలించి గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మార్చేస్తుంది. క్లమీడియా ఆ సగం వండిన సరుకును నేరుగా లాక్కుంటుంది. దానికోసం దాని పొరలో ప్రత్యేకమైన ద్వారం ఉంది. మార్కెట్లో దొరికే మామూలు మీడియాలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ఉండదు, ఎందుకంటే మామూలు బ్యాక్టీరియాకు దాని అవసరం లేదు.

ఏటీపీ సంగతి ఇంతకంటే విచిత్రం. ప్రతి జీవికీ ఖర్చు పెట్టుకునే శక్తి ఏటీపీ రూపంలోనే ఉంటుంది. ఖర్చయ్యాక అది ఏడీపీ అవుతుంది, దాన్ని మళ్లీ ఏటీపీగా నింపుకోవాలి. సాధారణంగా ఏ బ్యాక్టీరియా తన ఏటీపీని తానే తయారుచేసుకుంటుంది, బయటి ఏటీపీ దాని పొర దాటి లోపలికి రాదు. అయితే 1976లో హెర్బర్ట్ వింక్లర్ రికెట్సియా ప్రోవజెకీ మీద చేసిన ప్రయోగాల్లో, అది బయటి ఏటీపీని తీసుకుని బదులుగా తన ఏడీపీని బయటికి పంపుతున్నట్టు తేలింది. ఖాళీ గ్యాస్ సిలిండర్ ఇచ్చి నిండుది తీసుకున్నట్టే: ఒకటి లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి. క్లమీడియాలోనూ ఇలాంటి ద్వారమే ఉంది.

అయితే ఈ మార్పిడి ఎప్పుడూ ఒకే వైపు నడవాలన్న నియమం లేదు. బయట ఏటీపీ ఎక్కువగా, ఏడీపీ తక్కువగా ఉన్నంతవరకే బ్యాక్టీరియాకు లాభం. మన కణంలో మైటోకాండ్రియాలు రాత్రింబగళ్లు ఏడీపీని మళ్లీ ఏటీపీగా మారుస్తూనే ఉంటాయి కాబట్టి, ఎంత తోడినా అక్కడ నిండు సరుకు తరగదు. ప్లేటులో ఏటీపీ కలిపారనుకోండి. బ్యాక్టీరియా కొంత తీసుకుంటుంది, అంతే ఏడీపీని బయటికి విడుస్తుంది. దాన్ని తిరిగి నింపేవారు అక్కడ లేరు. కాసేపట్లో బయట ఏడీపీ పేరుకుని, లాభం కాస్తా ఆగిపోతుంది. పైగా ఏటీపీ ద్రావణంలో ఎక్కువ కాలం నిలవదు. అంటే బ్యాక్టీరియా కోరుతున్నది ఏటీపీ అనే పదార్థాన్ని మాత్రమే కాదు. దాన్ని క్షణం క్షణం తయారుచేస్తూ ఉండే, బతికున్న కణాన్ని.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మైటోకాండ్రియాల పూర్వీకులు కూడా ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బ్యాక్టీరియాలే. రికెట్సియాలూ అవీ ఒకే పెద్ద సమూహంలోవి. ఒక శాఖ కణంలో చేరి ఏటీపీ తయారుచేసి ఇస్తోంది, ఇంకో శాఖ అదే కణంలో దూరి ఆ ఏటీపీనే తోడుకుంటోంది.

అయితే రికెట్సియా పూర్తిగా దొంగ సొత్తు మీదే బతుకుతుందని కూడా అనలేం. చక్కెరను విరగ్గొట్టలేకపోయినా పైరువేట్, గ్లుటమేట్ లాంటివి దొరికితే వాటిని కాల్చి కొంత ఏటీపీ తానే చేసుకోగలదు. క్లమీడియాకూ ఏటీపీ తయారుచేసే జన్యువులు కొన్ని ఉన్నాయి. 1962లో జేమ్స్ మోల్డర్ క్లమీడియాను శక్తిని దొంగిలించే పరాన్నజీవిగా వర్ణించారు. 1998 నాటి జన్యుక్రమం ఆ మాటను పూర్తిగా కొట్టేయలేదు గానీ, కొంత సవరించింది. రికెట్సియా జీవక్రియలను కంప్యూటర్‌లో గీసి చూసిన 2017 నాటి ఒక అధ్యయనం, అది ఆతిథ్య కణం నుంచి 51 పదార్థాలను తెచ్చుకోవాలని లెక్కగట్టింది. ఈ 51నీ ఒక సీసాలో కలపడం రసాయన శాస్త్రవేత్తకు కష్టమేమీ కాదు. వాటిని సరైన పాళ్లలో, అరిగిపోకుండా, నిరంతరం అందించడమే కష్టం.

క్లమీడియా విషయంలో మరో అడ్డంకి ఉంది. దానికి రెండు రూపాలు. ఒక కణం నుంచి ఇంకో కణానికి ప్రయాణించే రూపం చిన్నది, మిల్లీమీటరులో మూడు వేల వంతు వ్యాసం. పొర గట్టిగా బిగుసుకుని ఉంటుంది కాబట్టి బయట తట్టుకోగలదు, కానీ విభజన చెందదు. అది కణంలోకి దూరి ఒక సంచి కట్టుకున్నాక, కొన్ని గంటల్లో మెత్తబడి పెద్దదవుతుంది. ఈ రెండో రూపమే ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగేది. కానీ ఇది బయటపడితే బతకదు, కొత్త కణానికి అంటదు. 48 నుంచి 72 గంటల్లో సంచి నిండి, లోపలివి మళ్లీ గట్టి రూపానికి మారి, కణం పగిలి బయటికొస్తాయి. అంటే ప్లేటు మీద పడేది విభజన చెందని రూపం. అది రెండో రూపానికి మారాలంటే, కణం లోపలికి చేరానని దానికి తెలియాలి. ఆ సంకేతాన్ని ఏ పెప్టోనూ ఇవ్వలేదు.

బయట పెరగకపోవడం వల్ల ఇవి చాలాకాలం వైరస్‌ల జాబితాలో ఉండిపోయాయి. 1907లో హాల్బర్‌స్టేటర్, ప్రోవజెక్ అనే ఇద్దరు జావాలో ట్రకోమా రోగుల కళ్ల నుంచి గీకిన పదార్థాన్ని ఒరాంగుటాన్‌ల కళ్లకు అంటించి, ఆ కణాల్లో రంగు పట్టిన గుత్తులను మైక్రోస్కోపులో చూశారు. అంటే నొగూచి కంటే ఇరవై ఏళ్ల ముందే అసలు దొంగను చూసినవారున్నారు, కానీ పట్టుకుని పెంచలేకపోయారు. ఈ ప్రోవజెక్ తర్వాత టైఫస్ మీద పనిచేస్తూ 1915లో జర్మనీలో అదే జ్వరంతో చనిపోయారు. అంతకు ముందే, 1910లో, హోవర్డ్ రికెట్స్ మెక్సికో నగరంలో అలాగే పోయారు. టైఫస్ సూక్ష్మజీవిని కనిపెట్టిన రోషా లిమా 1916లో దానికి వీళ్లిద్దరి పేర్లూ కలిపి రికెట్సియా ప్రోవజెకీ అని పెట్టారు.

ప్లేటు పనికిరానప్పుడు బతికున్న కణాలే కావాలి. ఆ కణాలను ఎక్కడి నుంచి తేవాలన్నదే తరువాతి ముప్పై ఏళ్ల కథ. ల్వోవ్ నగరంలో రుడాల్ఫ్ వీగల్ ఎంచుకున్న దారి వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. సన్నని గాజు గొట్టంతో పేను మలద్వారం గుండా రికెట్సియాను ఎక్కించేవారు. పేను పేగు గోడ కణాల్లో అవి పెరిగేవి. ఆ రోజుల్లో పేనుకు మనిషి రక్తమే తిండి కాబట్టి, చిన్న పెట్టెల్లో పేలను పెట్టి మనుషుల కాళ్లకు కట్టేవారు. తర్వాత పేలను కోసి, పేగులు తీసి, ఫినాల్‌లో నూరి టీకా చేసేవారు. జర్మన్ ఆక్రమణ కాలంలో గణిత శాస్త్రవేత్త స్టెఫాన్ బనాఖ్ కూడా వీగల్ సంస్థలో ఇలా పేలకు తన రక్తం తాగించి ప్రాణం నిలుపుకున్నారు. ఒక్కో మోతాదు టీకాకు పదుల కొద్దీ పేలు కావలసి వచ్చేవి.

1938లో అమెరికాలోని మోంటానాలో హెరాల్డ్ కాక్స్ ఈ బాధ తప్పించారు. పొదిగిన కోడిగుడ్డులో పిండానికి తిండి అందించే పచ్చసొన సంచి గోడల్లో రికెట్సియా దండిగా పెరుగుతుందని ఆయన చూపించారు. గుడ్డు చవక, పెంకు లోపల వేరే బ్యాక్టీరియా ఉండవు, రోగ నిరోధక శక్తి ఇంకా తయారై ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకిచ్చిన టైఫస్ టీకా ఈ గుడ్ల నుంచే వచ్చింది.

ట్రకోమాకు మాత్రం గుడ్డు చాలాకాలం లొంగలేదు. కారణం గుడ్డులో లేదు, కంట్లో ఉంది. టైఫస్ రోగి రక్తంలో వేరే బ్యాక్టీరియా ఉండవు. కానీ కంటి నుంచి గీకిన పదార్థంలో రకరకాలవి ఉంటాయి. అవి గుడ్డులోకి వెళ్తే ఒకటి రెండు రోజుల్లో పిండాన్ని చంపేస్తాయి. నెమ్మదిగా పెరిగే క్లమీడియాకు సమయమే దొరకదు. కాబట్టి గుడ్డులోకి ఎక్కించే ముందు నమూనాలో యాంటీబయాటిక్ కలిపి మిగతావాటిని అణచాలి. చేతికందే మందు పెన్సిలిన్. దానితోనే చిక్కు వచ్చింది. పెన్సిలిన్ మిగతావాటితోపాటు క్లమీడియాను కూడా అణిచేస్తుంది.

బీజింగ్‌లో టాంగ్ ఫేఫాన్ బృందానికి దారి చూపింది స్ట్రెప్టోమైసిన్. అది జంతు కణాల లోపలికి సరిగా చేరదు. అందుకని బయట తిరిగే బ్యాక్టీరియాను చంపి, కణంలో దాక్కున్న క్లమీడియాను వదిలేస్తుంది. 1957లో టాంగ్ బృందం ట్రకోమా కారకాన్ని గుడ్డులో పెంచిన సంగతి ప్రకటించింది. ఆ వ్యాసంలో కూడా దాన్ని వైరస్ అనే రాశారు. కొద్ది కాలానికే బ్రిటిష్ పరిశోధకులు గాంబియా రోగుల కళ్ల నుంచి దాన్ని వేరుచేసి ఆ ఫలితాన్ని నిలబెట్టారు. తాను పెంచినదే అసలు కారకమని రుజువు చేయడానికి టాంగ్ దాన్ని తన కంట్లోనే వేసుకుని, జబ్బు ముదిరి లక్షణాలన్నీ నమోదయ్యే దాకా మందు తీసుకోకుండా ఉన్నారు. నొగూచి కోతులతో చెప్పిన మాట తేలిపోతే, టాంగ్ మాట నిలిచింది.

ఒక్కసారి చేతికి చిక్కాక అది వైరస్ కాదన్న విషయం త్వరగానే తేలింది. దానిలో డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ ఉన్నాయి, సొంత రైబోజోములున్నాయి, ఒకటి రెండుగా చీలి పెరుగుతుంది, యాంటీబయాటిక్‌లకు లొంగుతుంది. 1966లో మోల్డర్ ఈ వాదనను గట్టిగా నిలబెట్టారు. భారతదేశం ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది 2024లో.

గుడ్ల తరువాత గాజు సీసాల్లో పెంచే కణాలు వచ్చాయి. క్లమీడియా కల్చర్‌కు ఎక్కువగా వాడేవి మెకాయ్ అనే ఎలుక కణాలు. చిన్న సీసా అడుగున గాజు బిళ్ల మీద అవి ఒక పొరగా పరుచుకుంటాయి. రోగి నమూనా వాటి మీద పోసి, సీసాను గంటసేపు సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పుతారు. ట్రకోమాటిస్ రకాలు చాలావరకు తమంతట తాము కణాలకు సరిగా అంటవు, తిప్పితే వాటి మీదకు నెట్టబడతాయి. తరువాత సైక్లోహెక్సిమైడ్ అనే మందు కలుపుతారు. అది మెకాయ్ కణాల సొంత ప్రోటీన్ తయారీని ఆపుతుంది, క్లమీడియా తయారీని ఆపదు. అప్పుడు కణంలోని సరుకంతా బ్యాక్టీరియాకే మిగులుతుంది. రెండు మూడు రోజులకు అయోడిన్ వేస్తే, క్లమీడియా సంచుల్లో గ్లైకోజెన్ ఉన్న చోట ముదురు గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి.

ఈ పని చెడిపోవడానికి దారులు చాలా ఉన్నాయి. కర్ర పుల్లతో చేసిన స్వాబ్ వాడితే, కర్రలోంచి వచ్చే రసాయనాలు మెకాయ్ కణాలను చంపుతాయి. పుసి మాత్రం తీసి, కణాలను గీకకపోతే నమూనాలో క్లమీడియా ఉండకపోవచ్చు, ఎందుకంటే అది ఉండేది కణంలో. నమూనా వేడి తగిలి ప్రయాణిస్తే చచ్చిపోతుంది. ఇన్ని జాగ్రత్తలు పడ్డా కొంతమంది రోగుల్లో కల్చర్ నెగటివ్ వస్తుంది. డీఎన్‌ఏను వెతికే పరీక్షలు వచ్చాక ఆసుపత్రుల్లో ఈ కల్చర్ దాదాపు మాయమైంది. ఇప్పుడు పరిశోధన శాలల్లోనే కనిపిస్తుంది.

మరి కణం లేకుండా ఎప్పటికీ పెరగవా? ఈ ప్రశ్నకు పూర్తి జవాబు లేకపోయినా, సగం జవాబు ఉంది. క్యూ జ్వరానికి కారణమైన కాక్సియెల్లా బర్నెటి కూడా ఎన్నో ఏళ్లు ఈ జాబితాలోనే ఉండేది. 2009లో ఆండర్స్ ఒమ్స్‌లాండ్, రాబర్ట్ హెయిన్జెన్ బృందం మోంటానాలో కణాలే లేని ద్రావణంలో దాన్ని పెంచింది. అందుకు వాళ్లు దాని సహజ నివాసాన్ని అనుకరించారు. కాక్సియెల్లా ఉండేది కణం తిన్నదాన్ని అరిగించే ఆమ్ల సంచిలో. కాబట్టి ద్రావణం పులుపు, పీహెచ్ 4.75. గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటే, ఇక్కడ 2.5 శాతానికి తగ్గించారు. ఆరు రోజుల్లో బ్యాక్టీరియా వెయ్యి రెట్లు పెరిగింది. తరువాత గట్టిపడ్డ మీడియా మీద చుక్కలూ కట్టింది.

కాక్సియెల్లాకు జన్యువులు ఎక్కువ, చాలా పదార్థాలు తానే చేసుకోగలదు. పైగా అది ఉండే సంచిలో ఉన్నవి అరిగిన ముక్కలే, బతికున్న కణపు ఏటీపీ కాదు. ఆ లోకాన్ని సీసాలో కట్టడం సాధ్యమైంది. అదే ఒమ్స్‌లాండ్ 2012లో క్లమీడియా మీద ఇదే పని మొదలుపెట్టారు. అమైనో ఆమ్లాలు, ఏటీపీ, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, కణం లోపల లాగా పొటాషియం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. ఆ ద్రావణంలో క్లమీడియా గంటల తరబడి ప్రోటీన్లు తయారుచేసింది. గట్టి రూపం గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌ను ఇష్టపడింది, మెత్తని రూపం ఏటీపీని. గట్టి రూపం బయట నిద్రాణంగా పడి ఉంటుందన్న పాత నమ్మకం దీనితో పోయింది. కానీ అవి విభజన చెందలేదు. తిండి పెట్టగలిగారు, పిల్లల్ని పెట్టించలేకపోయారు.

తెలుగు నేలలో ఈ సంగతి బాగా తగిలేది స్క్రబ్ టైఫస్ దగ్గర. దీనికి కారణం ఓరియెన్షియా సుత్సుగముషి, రికెట్సియా కుటుంబంలోనిది. గడ్డిలో, పొదల్లో ఉండే చిగ్గర్ అనే చిన్న పురుగు పిల్ల కుట్టినప్పుడు ఒంట్లోకి వస్తుంది. వానల తర్వాత పొలాల్లో పనిచేసేవారిలో ఎక్కువ. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ అన్నీ గుర్తుకొస్తాయి. రక్తం బ్లడ్ కల్చర్‌కు పంపిస్తారు. అయిదు రోజులు చూసి ఏమీ పెరగలేదని రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టు అబద్ధం కాదు. ఓరియెన్షియాకు ఆ సీసాలో బతికున్న కణాలు దొరకలేదు, అంతే. జ్వరానికి బ్యాక్టీరియా కారణం కాదని దాన్నుంచి తీర్మానిస్తే మాత్రం రోగికి ముప్పు.

అందుకే అనుభవం ఉన్న డాక్టర్లు కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా రోగి ఒంటిమీద వెతుకుతారు. చిగ్గర్ కుట్టినచోట కొందరిలో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. పురుగు పైకి పాకుతూ బట్ట బిగుతుగా ఉన్నచోట ఆగుతుంది. అందువల్ల గజ్జల్లో, చంకల్లో, మొలతాడు కింద, రొమ్ముల కింద వెతకాలి. పక్కు లేనంతమాత్రాన స్క్రబ్ టైఫస్ కాదనలేం, చాలామందిలో అది కనిపించదు.

పరీక్షల్లో పాతది వెయిల్-ఫీలిక్స్. దీని కథ ఈ వ్యాసం మొత్తానికి తగిన వింత. 1916లో వెయిల్, ఫీలిక్స్ టైఫస్ రోగి మూత్రంలో దొరికిన ప్రోటియస్ అనే బ్యాక్టీరియాను ఆ రోగుల సీరంతో కలిపితే గడ్డలు కట్టడం చూశారు. ప్రోటియస్ టైఫస్‌కు కారణం కాదు. కానీ దాని పైపొరలోని చక్కెరలు రికెట్సియాల పొరతో కొంత పోలి ఉంటాయి. ప్రోటియస్ ప్లేటు మీద పుష్కలంగా పెరుగుతుంది. పెంచలేనిదాని బదులు పెంచగలిగే పోలికను వాడుకున్నారన్నమాట. స్క్రబ్ టైఫస్‌కు పనికొచ్చే ప్రోటియస్ రకాన్ని ఓఎక్స్-కె అంటారు. ఇది చవక, కానీ చాలామంది రోగులను వదిలేస్తుంది, లేనివారికి ఉందనీ చూపిస్తుంది. ఇప్పుడు ఓరియెన్షియా ప్రోటీన్‌కు వచ్చే ప్రతిరోధకాలను చూసే ఐజీఎం ఎలైజా పరీక్ష మెరుగు. అయితే ప్రతిరోధకాలు తయారవడానికి వారం దాకా పట్టవచ్చు. పక్కు నుంచి తీసిన చిన్న ముక్కతో పీసీఆర్ చేస్తే ముందే పట్టుకోవచ్చు.

మందు విషయంలోనూ కణమే నిర్ణయిస్తుంది. టైఫాయిడ్ అనుమానంతో ఎక్కువగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ స్క్రబ్ టైఫస్‌లో పనిచేయదు. జెంటామైసిన్ కణం లోపలికి చాలినంత చేరదు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ కణంలోకి వెళ్లి అక్కడే నిలుస్తాయి. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. తీవ్రంగా ఉన్నవారిలో రెండు మందులూ కలిపి సెలైన్ ద్వారా ఇవ్వడం ఒక్క మందు కంటే మేలని, భారతదేశంలో పలు ఆసుపత్రుల్లో జరిగిన ఒక పెద్ద పరీక్ష 2023లో చూపించింది.

ఇక ఒక ప్రశ్న ఇప్పటికీ తేలికగా తెగదు. మామూలు బ్యాక్టీరియాకు మందు పనిచేస్తుందో లేదో చూడటానికి ప్లేటు మీద మందు బిళ్లలు పెట్టి, చుట్టూ పెరుగుదల ఆగిన వలయాన్ని కొలుస్తారు. ఓరియెన్షియాకు ఆ దారి లేదు. రోగి నుంచి దాన్ని వేరుచేసి కణాల్లో పెంచాలి. అదీ అత్యంత భద్రత ఉన్న ప్రయోగశాలలో, వారాల తరబడి. 1990లలో ఉత్తర థాయ్‌లాండ్‌లో కొందరు స్క్రబ్ టైఫస్ రోగులకు డాక్సీసైక్లిన్ ఇచ్చినా జ్వరం ఆలస్యంగా దిగింది. అక్కడి బ్యాక్టీరియా మందుకు లొంగడం మానేసిందన్న వాదన 1996లో మొదలైంది. పాతికేళ్లకు ఆ పాత సమాచారాన్నంతా తిరిగి పరిశీలించిన పరిశోధకులు ఆ వాదనకు ఆధారం చాలదన్నారు. జ్వరం ఆలస్యంగా దిగడానికి బ్యాక్టీరియా మొండితనం ఒక్కటే కారణం కానవసరం లేదు. రోగి ఎంత ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చాడు, ఊపిరితిత్తులో మెదడో ఎంత దెబ్బతిన్నాయి అన్నవీ లెక్కలోకి వస్తాయి. ప్లేటు మీద ఒక వలయం కొలిచే వీలుంటే మర్నాటికల్లా తేలే విషయం, పాతికేళ్లు వ్యాసాల్లో నలిగింది.